ఏడుపు ఫోటో తొలగింపు మహోత్సవం

పక్కింటి పిన్నిగారు చెప్పినదాని ప్రకారం, ఆవిడ తోడికోడలి తమ్ముడు పనిచేసే ఆఫీసులో ప్రతి సోమవారం పొద్దున్నే గువ్వ ఏడుస్తుందిట.

"గువ్వ ఏడవడమేంటి పిన్నీ? అది ఇక్కడ మంచం మీద ఉంటేనూ!" అంది గువ్వ తల్లి, చేతిలో ఉతికిన బట్టలు చేతిలోనే పెట్టుకుని.

"అదేనమ్మా చెప్తున్నా. వాళ్ళ గ్రూపులో ఎవరో సోమవారం రాగానే మీ గువ్వ ఏడుపు బొమ్మ పెడతారట. కింద 'మళ్ళీ వచ్చింది దేవుడో' అని రాసుంటుందట. మేనేజరు కూడా నవ్వాడట. నవ్వే మనిషి కాదట ఆయన."

పిన్నిగారు ఈ కబురును అభినందనల ధోరణిలోనే చెప్పింది. ఊళ్ళో ఇంతమంది పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరి ఏడుపుకి దక్కింది ఆ గౌరవం?

ఆ ఏడుపు పుట్టుక ఇది. బడి ఆటల పోటీల్లో మూడో తరగతి గువ్వ గోనెసంచి పందెంలో పడింది. మోకాలు గీరుకుపోయింది, బూటు ఊడింది, ముక్కు కారింది. సరిగ్గా ఆ శుభఘడియలో లైకుల మాస్టారు అక్కడున్నాడు. లైకుల మాస్టారంటే అసలుకు డ్రిల్లు మాస్టారు. కానీ బడికి ఫేస్‌బుక్ పేజీ పుట్టాక ఆయన ఈలను బల్ల సొరుగులో పడేసి ఫోను పట్టాడు. పిల్లకు చెయ్యి అందించడానికి ముందు ఫోటో తీశాడు. "ఓటమే గెలుపుకు తొలి మెట్టు!" అని పైన రాశాడు. కింద ఇంటిపేరుతో సహా పేరు, తరగతి, సెక్షను, బస్సు రూటు నంబరు. రూటు నంబరు ఎందుకంటే, ఒకసారి ఒకే పేరున్న ఇద్దరు పిల్లల్లో ఒకరి తల్లిదండ్రులు వచ్చి, తమ బిడ్డ ఖ్యాతి పక్కవాళ్ళ బిడ్డకు పోతోందని గొడవ చేశారు. అప్పటినుంచి బడివారు పిల్లల ఖ్యాతిని బస్సు నంబరుతో సహా భద్రపరుస్తున్నారు.

ఆ ముఖం వరకూ ఎవరో కత్తిరించి స్టిక్కరు చేశారు. స్టిక్కరుకు కాళ్ళొచ్చాయి. తిరిగి తిరిగి బడికే వచ్చింది. తరగతిలో పిల్లలు గువ్వను 'సోమవారం' అని పిలవడం మొదలుపెట్టారు. బస్సు స్టాపులో ముక్కూమొహం తెలియని మనిషొకడు, "ఏడో రూటు పాప నువ్వేనా? పేరు ఇదే కదూ?" అని నవ్వుతూ పలకరించాడు. ఆ రోజు నుంచి గువ్వ దుప్పటి ముసుగులోంచి బయటికి రావడం లేదు.

"ఆ బొమ్మ పోతేనే బడికి పోతా," అంది ముసుగులోంచి.

అత్తగారు తేలిగ్గా కొట్టిపారేసింది. "నా పెళ్ళి ఫోటోలో నేనూ ఏడుస్తూనే ఉన్నాను. నలభయ్యేళ్ళుగా గోడ మీదే ఉంది. నేను కాపురం మానేశానా?"

"మీ ఏడుపు మీ గోడ మీదే ఉంది కదత్తయ్యా. ఊళ్ళోవాళ్ళ ఫోన్లలో లేదు కదా," అంది కోడలు.

అత్తగారు గోడ మీది ఫోటోవైపు ఓసారి చూసి, "అమ్మయ్య, అప్పట్లో ఫోన్లు లేకపోవడం మంచిదైంది," అంది.

గువ్వ తల్లి పనిచేసేది పళ్ళ డాక్టరు క్లినిక్కులో. రోగులను పేరు పిలిచి లోపలికి పంపడం, సంతకాలు పెట్టించడం ఆవిడ పని. పన్ను పీకడానికో సంతకం. పీకకముందు, పీకిన తరవాత నోటి ఫోటో తీసి ఫైల్లో దాచుకోవడానికి ఇంకో సంతకం. అదే ఫోటో గోడ మీద పెట్టాలంటే మరొకటి. ఇంటర్నెట్టులో పెట్టాలంటే వేరే కాగితం. 'పన్ను ఇచ్చాడు కదా అని పలువరసంతా మనది కాదు' అనేది డాక్టరుగారు కొత్తగా చేరినవాళ్ళకు చెప్పే మొదటి పాఠం. కాబట్టి ఆ రాత్రి అన్నాలయ్యాక ఆవిడ కూర్చుని బడికి ఉత్తరం రాసింది. తిట్టలేదు. ఏడవలేదు. ముందు మా అమ్మాయి ఫోటో తీసేయండి, తరవాత అందరి పిల్లలకూ ఒక పద్ధతి పెట్టండి అని మాత్రం రాసింది.

మర్నాడు ఆవిడ ఉత్తరం పట్టుకుని వెళ్ళేసరికి ప్రిన్సిపాలు గారి గదిలో పండగ వాతావరణం. గోడ మీద రంగుకాగితం: 'మన పేజీ, మన ప్రతిష్ఠ. రాష్ట్రంలోనే అత్యధికంగా ఫోటోలు వేసే పాఠశాల!' ప్రిన్సిపాలు ఉత్తరం చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు. ఆ మహానుభావుడు తల్లిదండ్రుల ఉత్తరాలు రెండోసారి చదవడం అదే మొదలు.

"అమ్మా, ఇది ఉత్తరం కాదు, రాజ్యాంగం! కానీ ఒక్క సందేహం. చేర్చుకునేటప్పుడే మీరు సంతకం పెట్టారు కదా? 'బడి నియమాలన్నిటికీ కట్టుబడి ఉంటాము' అని?"

"పెట్టానండీ. జుట్టు దువ్వి, గోళ్ళు కత్తిరించి పంపుతానని పెట్టాను. ముక్కు కారే ఫోటో లోకానికి పంచిపెట్టమని పెట్టలేదు."

"దాంట్లో ఇదీ వస్తుందమ్మా," అన్నాడు లైకుల మాస్టారు. "అన్నీ కలిపి ఒకే సంతకం. మీకూ శ్రమ తక్కువ."

"అన్నీ కలిపి అడిగితే అన్నిటికీ ఒప్పుకోవాల్సి వస్తుంది కదండీ. తరగతి గోడ మీద పెడితే నాకు సంతోషమే. బడి పుస్తకంలో వేస్తే కొని దాచుకుంటా. ఫేస్‌బుక్కులో వద్దంటాను. అడ్మిషన్ల ఫ్లెక్సీ మీద అసలే వద్దు. వేటికవి విడివిడిగా అడగండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు, వద్దన్నట్టు. ముందు సరే అన్నవాళ్ళు రేపు మనసు మార్చుకుంటే తీసేయాలి. ఎవరికి చెప్పుకోవాలో, ఎన్నాళ్ళలో తీస్తారో కాగితం మీద ఉండాలి."

"మనసు మార్చుకోవచ్చా?" ప్రిన్సిపాలు నిజంగా ఆశ్చర్యపోయాడు.

"మార్చుకోవచ్చండీ. కాకపోతే తీసేసినా వెళ్ళిపోయిన కాపీలు వెనక్కి రావు. అందుకే ముందే అడగమంటున్నా. ముఖం వేస్తే పేరు వేయకండి, పేరు వేస్తే ముఖం వేయకండి. బస్సు నంబరు మాత్రం దేనితోనూ వద్దు."

"మరి పిక్నిక్కులో లైవు ఇస్తున్నాం కదమ్మా, అడుగడుగునా ఎక్కడున్నామో చూపిస్తూ?" అన్నాడు మాస్టారు దిగులుగా.

"ఇంటికి చేరాక పెట్టండి సార్. పిల్లలు ఇప్పుడెక్కడున్నారో మాకు తెలిస్తే చాలు. ఊరందరికీ ఎందుకు?"

"వద్దన్న పిల్లల్ని ఆటల్లోంచి తీసేయాలంటారు, అంతేగా?" అన్నాడు ప్రిన్సిపాలు.

"అయ్యో, తీసేయకూడదు! అదే రాశాను చూడండి. పిల్ల ఆడుతుంది, మీరు వెనకనుంచి తీయండి, చేతులు తీయండి, వేసిన బొమ్మ తీయండి. ఇంకోటి, తల్లిదండ్రులు సరే అన్నా పిల్లల్ని కూడా అడగండి. పడినప్పుడు, ఏడ్చినప్పుడు, తడిసినప్పుడు ఎవరు సరే అన్నా తీయకండి. ఆ ఫోటోలు మీ సొంత ఫోన్లో కాదు, బడి ఫోన్లో ఉండాలి."

లైకుల మాస్టారు ఫోను జేబులోకి తోశాడు. జేబు మీద చెయ్యి వేసుకుని ఉంచాడు.

ప్రిన్సిపాలు లేచి నిలబడ్డాడు. "మాస్టారూ! ఇలాంటి తల్లి మన బడికి ఉండడం మన అదృష్టం. ఈ ఉత్తరం నలుగురికీ ఆదర్శం కావాలి!"

అయింది. గువ్వ తల్లి ఇంటికి చేరేలోగా ఉత్తరం పేజీలో ఉంది. మొత్తం ఉత్తరం. కింద ఆవిడ సంతకం, ఇంటి చిరునామా, ఫోను నంబరు. సంగతేమిటో చదివేవాళ్ళకు తెలియాలి కాబట్టి, పక్కనే గువ్వ ఏడుపు ఫోటో మళ్ళీ వేశారు, ఈసారి పెద్దదిగా. పైన: 'చిన్నారుల ఏకాంతాన్ని గౌరవిద్దాం!'

సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన అభినందించాడు. ఒకాయన ట్యూషన్లు చెబుతానన్నాడు. ఇంకొకాయన తన కవితలు చదవమన్నాడు. ఆవిడ వెంటనే బడికి ఫోన్ చేసింది.

"తీసేయండి మాస్టారూ, రెండూ."

"అమ్మా, మూడు వేల మంది చూశారమ్మా! ఆఖరికి చైర్మన్ గారు కూడా చూశారు!"

ఆ పట్టణ విద్యా కమిటీ చైర్మన్ గారు సామాన్యుడు కాదు. ఏది మంచిదని తెలిసినా క్షణం ఆలస్యం చేయకుండా దాన్ని ప్రకటించేస్తారు. చేతులు కడుక్కోవడం మంచిదని తెలిసిన రోజే 'శుభ్ర హస్త పట్టణం' ప్రకటించారు. కుళాయిల సంగతి తరవాత చూద్దామన్నారు. ఇప్పుడు ఉత్తరం చదివిన అరగంటలో 'దేశంలోనే తొలి సమ్మతి పట్టణం' ప్రకటించారు. ప్రకటనకు ఒక ఫోటో జతచేశారు. అందులో ఆయన చుట్టూ ముప్పై మంది పిల్లలు ఉన్నారు.

మర్నాడే ప్రిన్సిపాలు ఫోను. "అమ్మా, మీ అమ్మాయి ఫోటోను చైర్మన్ గారే స్వయంగా తీసేస్తారట!"

"ఆయనెందుకండీ? మాస్టారు తీస్తే సరిపోతుంది కదా?"

"మాస్టారు తీస్తే తీసినట్టు ఎవరికి తెలుస్తుందమ్మా? సభ పెట్టి, అందరి ముందూ, చైర్మన్ గారి చేతుల మీదుగా తొలగింపు! వచ్చే శనివారం. అందాకా మాత్రం ఆ ఫోటోను జాగ్రత్తగా పేజీలోనే ఉంచాలి. మధ్యలో పోయిందనుకోండి, ఆయనేం తీస్తారు?"

గువ్వ తల్లి ఫోను పెట్టేసి ముసుగు దగ్గరికి వెళ్ళింది. "శనివారం తీసేస్తారట."

"శనివారం తీస్తే సోమవారం పోతా," అంది ముసుగు. లెక్కలో పొరపాటు లేదు.

ఈలోగా సమ్మతి పత్రాలు ఇంటింటికీ వచ్చాయి. దళసరి కాగితం, పైన చైర్మన్ గారి ముఖం. లోపల ఒకటే గడి: 'నా బిడ్డ ఫోటోను ఎక్కడైనా, ఎప్పుడైనా, ఎలాగైనా వాడుకోవడానికి సంతోషంగా అంగీకరిస్తున్నాను.' తల్లిదండ్రులకు శ్రమ లేకుండా గడిలో టిక్కు ముందే అచ్చువేశారు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వెతికింది. "వద్దనేవాళ్ళ గడి ఏదే?"

అది వెనకవైపు అడుగున ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో. 'అంగీకరించనివారు బిడ్డ తాజా రంగుల ఫోటో, పూర్తి పేరు, తరగతి, బస్సు రూటు నంబరు జతచేసి ప్రచార విభాగానికి అందజేయవలెను.'

గువ్వ తల్లి క్లినిక్కుకు సెలవు పెట్టి బడికి పరుగెత్తింది.

"ఫోటో వద్దు మహాప్రభో అంటే, ఇంకో ఫోటో ఇమ్మంటారేంటండీ?"

"ఎవరి ఫోటో వేయకూడదో నాకు తెలియాలి కదమ్మా!" అన్నాడు లైకుల మాస్టారు. పాపం, ఆయన మాటలోనూ న్యాయముంది. "ఎనిమిది వందల ముఖాలు. గ్రూపు ఫోటోలో మూడో వరసలో వద్దన్న పిల్లాడుంటే ఎలా పోల్చుకోను?"

"సరే, అది నిజమే. ఫోటో తీసే ముందు క్లాసు టీచర్ని అడగండి. టీచరు దగ్గర వద్దన్నవాళ్ళ పట్టిక ఉంటుంది, సొరుగులో, తాళం వేసి. ఆ పిల్లల్ని ఫోటో పూర్తయ్యేదాకా టీచరు పక్కన నిలబెట్టుకుంటే చాలు. బయట ఫోటోగ్రాఫర్లు వచ్చినా ముందే చెప్పాలి. పట్టిక టీచర్లకే. బయటికి పోకూడదు."

"పట్టిక... టీచర్లకు... అందుబాటులో..." అని మాస్టారు రాసుకున్నాడు. ఆవిడ మాటలు అంత శ్రద్ధగా రాసుకున్నవాడు ఆ బడిలో ఇంకొకడు లేడు.

టీచర్లందరికీ సులువుగా అందుబాటులో ఉండే చోటు ఆయనకు ఒక్కటే తెలుసు. సాయంత్రం పేజీలో కొత్త పోస్టు వచ్చింది. 'హెచ్చరిక! ఈ క్రింది చిన్నారుల ఫోటోలను ఎవరూ ఎక్కడా ప్రచురించరాదు.' కింద పదకొండు మంది పిల్లల ఫోటోలు, పేర్లు, తరగతులు, రూటు నంబర్లు. మొదటిది గువ్వ. ఆవిడ కొత్త ఫోటో ఇవ్వలేదు కనుక పాత ఏడుపే వేశారు. 'అందరికీ చేరేవరకు షేర్ చేయండి' అని చివర్న విన్నపం. జనం మాట విన్నారు.

తెల్లారేసరికి మిగిలిన పది ఇళ్ళవాళ్ళూ బడికొచ్చి, వద్దన్న కాగితాలు వెనక్కి తీసుకుని, టిక్కు కొట్టి ఉన్న కాగితాల మీద సంతకాలు చేశారు. కనీసం ఆ జాబితాలోంచి తప్పుకుంటాం కదా అని. ఎనిమిది వందల మందిలో ఏడువందల తొంభై తొమ్మిది మంది సంతోషంగా అంగీకరించారని ప్రిన్సిపాలు పైకి నివేదిక పంపాడు. ఇంత సమ్మతి ఏ పట్టణం సాధించింది గనక!

శనివారం వచ్చింది. బడి ఆవరణలో వేదిక, వేదిక మీద సింహాసనం లాంటి కుర్చీ, దాని వెనక ఇంటి గోడంత తెర. బల్ల మీద ఎర్ర గుడ్డ కప్పిన లాప్‌టాపు. పిల్లల్ని ఎండలో వరసల్లో కూర్చోబెట్టి చేతులకు అట్టలిచ్చారు: 'నన్ను అడిగే తీశారు.' అట్టలు పంచుతున్నప్పుడు లైకుల మాస్టారు ఫోటోలు తీస్తున్నాడు, ఎవరినీ అడక్కుండా.

తల్లి, నానమ్మల వెంట గువ్వ వచ్చింది. బొమ్మ పోవడం కళ్ళారా చూస్తేనే నమ్ముతానంది. టోపీ ముక్కుదాకా లాక్కుని, నానమ్మ చీర చెంగు చాటున కూర్చుంది. వాళ్ళను మొదటి వరసలో కూర్చోబెట్టారు.

ప్రిన్సిపాలు స్వాగతం పలికాడు. ఇద్దరు ముగ్గురు పెద్దలు చైర్మన్ గారి దూరదృష్టిని గురించి మాట్లాడారు. ఒకాయన అయితే, సమ్మతి అనే ఆలోచన చైర్మన్ గారికి చిన్నతనంలోనే తట్టిందని, వాళ్ళమ్మగారిని అడక్కుండా ఆయన బెల్లం కూడా తీసుకునేవారు కాదని చెప్పాడు. చప్పట్లు మోగాయి. పేజీలో ఇదంతా లైవు. మధ్యమధ్య లైకుల మాస్టారు ఫోటోలు తీసి వెంటవెంటనే పెడుతున్నాడు.

"ఇప్పుడు, ఏ ఫోటోను తొలగించబోతున్నామో ప్రజలందరూ ఒక్కసారి చూడాలి!" అన్నాడు ప్రిన్సిపాలు.

తెర మీద గువ్వ వచ్చింది. గోడంత ముక్కు. గోడంత కన్నీరు. ఎండలో కూర్చున్న ఎనిమిది వందల మంది పిల్లలు ఒక్క గొంతుతో, "సోమవారం!" అని అరిచారు.

చెంగు కింద గువ్వ వేళ్ళు తల్లి మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి. "అయిపోతోంది, అయిపోతోంది," అని గొణిగింది తల్లి. "ఇదిగో, నొక్కేస్తారు."

చైర్మన్ గారు లేచారు. ఎర్ర గుడ్డ లాగారు. వేలు పైకెత్తి కెమెరాలవైపు తిరిగి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు ఆయన జేబులో ఫోను మోగింది. ఇంకోసారి మోగింది. మూడోసారికి తీసి చూశారు. చూస్తుండగానే ముఖంలో రంగు మారింది.

ఏం జరిగిందంటే, బెల్లం ప్రసంగం జరుగుతున్నప్పుడు చైర్మన్ గారికి ఆవులింత వచ్చింది. సామాన్యమైన ఆవులింత కాదు. కొండనాలుక కనిపించేంతది, కళ్ళు మూతలుపడేంతది. లైకుల మాస్టారు దాన్ని పూర్తి పేరుతో, హోదాతో సహా పేజీలో పెట్టాడు. అప్పటికే కింద ఎవరో 'ఆదివారం వచ్చింది' అని రాశారు. మొదటి వరసలో ఉన్న గువ్వ తల్లి ఫోనులోనూ అది కనిపించింది. కింది దవడ కుడివైపు రెండు పళ్ళు కట్టించాల్సిన అవసరం ఉందని కూడా ఆవిడకు అలవాటుకొద్దీ కనిపించింది.

చైర్మన్ గారు ఎత్తిన వేలు దించి, అదే వేలితో లైకుల మాస్టారిని పిలిచారు. మైకు ముందు నిలబడి ఉన్నారు కాబట్టి గుసగుస అందరికీ వినబడింది.

"ఏంటయ్యా ఇది? ఎవర్నడిగి పెట్టావు?"

"సార్, సహజంగా ఉందని..."

"తీసెయ్. ఇప్పుడే."

మాస్టారు బొటనవేలు ఒక్కసారి కదిలింది. ఆవులింత పోయింది. ఏ పత్రమూ అడగలేదు. ఏ రంగుల ఫోటోనూ జతచేయమనలేదు. ఎర్ర గుడ్డ గానీ చప్పట్లు గానీ అవసరం పడలేదు.

చైర్మన్ గారి ఉత్సాహం మాత్రం దిగిపోయింది. గడియారం చూసుకున్నారు. ప్రిన్సిపాలు చెవిలో ఏదో అన్నారు. ప్రిన్సిపాలు మైకు అందుకుని, "చైర్మన్ గారికి అత్యవసర సమావేశం ఉన్నందున, తొలగింపు కార్యక్రమం రెండో విడతలో మరింత ఘనంగా జరుగుతుంది!" అని ప్రకటించాడు. పిల్లలు అట్టలు ఊపారు. తెర మీద గువ్వ ఏడుస్తూనే ఉంది.

చైర్మన్ గారు వేదిక దిగి మొదటి వరస ముందు ఆగారు. గువ్వ తల్లివైపు పెద్దమనసుతో నవ్వారు. చుట్టూ పది ఫోన్లు లేచాయి. గువ్వ టోపీని ఇంకాస్త కిందికి లాక్కుంది.

"నువ్వేనామ్మా ఉత్తరం రాసింది? చూశావుగా, నీ ఒక్క ఉత్తరానికి ఊరంతా కదిలింది! పత్రాలు అచ్చు వేశాం, పట్టిక వేశాం, సభ పెట్టాం. ఇంకా ఏం చేయమంటావో చెప్పు. మొహమాటపడకు."

"మీ ఆవులింత తీసినట్టు మా పిల్ల ఏడుపూ తీయండి," అంది గువ్వ తల్లి.